689 మార్కుల తర్వాత: రెండు ఆప్షన్లు మిగిలినప్పుడు

అమెజాన్ క్లౌడ్ సేవ ఎ.డబ్ల్యు.ఎస్. వారి సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షకు, అంటే తెరపై SAA-C03 అని కనిపించే పరీక్షకు, నేను మొదటిసారి కూర్చున్నప్పుడు నాకు 689 వచ్చింది. ఈ పరీక్షలో మార్కులు 100 నుంచి 1000 వరకు ఉండే స్కేలుపై వేస్తారు, గట్టెక్కడానికి 720 రావాలి. విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గరి పరీక్షా కేంద్రంలో రాసి, సాయంత్రం రైలులో గుంటూరు తిరిగి వస్తున్నంతసేపూ బాగానే రాశానన్న నమ్మకంతోనే ఉన్నాను. ఫలితం చూశాక నాకు అర్థం కానిది ఒక్కటే. ఎనిమిదేళ్లుగా లినక్స్ సర్వర్లు చూసుకుంటున్నవాణ్ణి, రోజూ ఆఫీసులో ఇవే సేవలతో పని చేస్తున్నవాణ్ణి, విషయం తెలియక తప్పానా, లేక తెలిసీ తప్పానా?

తప్పినవారు మళ్లీ రాయాలంటే 14 రోజులు ఆగాలి. ఆ వ్యవధిలో కొత్త పాఠాలు చదవడానికి బదులు, అప్పటికి నేను రాసిన మాక్ పరీక్షల్లో ఆఖరిదాన్ని ముందు వేసుకుని, తప్పిన ప్రతి ప్రశ్ననూ ఒక లాంగ్ బుక్కులో రాయడం మొదలుపెట్టాను. అరవై అయిదు ప్రశ్నల్లో ఇరవై మూడు తప్పాయి. ఒక్కో తప్పు పక్కన కారణం కూడా రాశాను. ఏడు ప్రశ్నల్లో నాకు ఆ సేవ గురించి నిజంగానే తెలియదు. మిగిలిన పదహారింటిలో మాత్రం సరైన జవాబు నేను చివరికి మిగుల్చుకున్న రెండు ఆప్షన్లలో ఒకటిగా ఉంది, కాని నేను రెండో దాని మీద టిక్కు పెట్టాను. అంటే నాలుగింటిలో రెండింటిని కొట్టేయడం నాకు వచ్చు, ఆ తర్వాతి అడుగు రాదు. ఈ అనుభవం ఆ తర్వాతి అడుగు గురించే.

ముందుగా ఒక మాట చెప్పాలి. పరీక్షలో వచ్చిన ప్రశ్నలను బయట చెప్పబోమని రాసేవాళ్లందరూ ఒప్పుకునే కూర్చుంటారు కనుక, ఇక్కడ చూపే ప్రశ్నలు అదే తీరులో నేను స్వయంగా కూర్చుకున్నవి.

ఆ లాంగ్ బుక్కును మా ఆఫీసులో నాకంటే సీనియరైన అక్కకు చూపించాను. ఆవిడ ఈ పరీక్ష అప్పటికే పాసయ్యారు. నాలుగైదు ప్రశ్నలు చదివి, ఒకదాని దగ్గర ఆగి, "తమ్ముడూ, ఈ ప్రశ్నలో వాళ్లు అడిగిందేమిటో చూడకుండా చెప్పు" అన్నారు. నేను నిల్వ గురించి, స్కాన్ చిత్రాల గురించి ఏదో చెప్పుకుంటూ పోయాను. "అది కథ. అడిగింది చివరి వాక్యంలో ఉంది, దాన్ని నువ్వు చదివినట్టు లేదు" అన్నారు. ఆ ప్రశ్న దాదాపు ఇలా ఉంటుంది.

ఒక డయాగ్నస్టిక్ సంస్థ ఎంఆర్ఐ, సీటీ స్కాన్ చిత్రాలను ఎ.డబ్ల్యు.ఎస్. ఫైళ్ల నిల్వ సేవ అయిన ఎస్3లో, స్టాండర్డ్ తరగతిలో దాస్తోంది. మొదటి 30 రోజులు డాక్టర్లు వాటిని తరచుగా చూస్తారు. ఆ తర్వాత ఒక్కో చిత్రాన్ని ఏడాదికి ఒకటి రెండు సార్లకు మించి చూడరు, కాని చూడాలనుకున్నప్పుడు అది వెంటనే తెరపైకి రావాలి. చిత్రాలను 7 ఏళ్లు ఉంచాలి, పోతే మళ్లీ తీయించడం కుదరదు. ఈ అవసరాలను `MOST cost-effective` గా తీర్చేది ఏది? ఆప్షన్లు నాలుగూ "30 రోజుల తర్వాత లైఫ్‌సైకిల్ నియమంతో ఫలానా చోటికి మార్చి, 7 ఏళ్లకు తొలగించాలి" అనే ఒకే వాక్యం, చోటు ఒక్కటే మారుతుంది. ఎ. స్టాండర్డ్-ఐఏ, బి. వన్ జోన్-ఐఏ, సి. గ్లేసియర్ ఫ్లెక్సిబుల్ రిట్రీవల్, డి. గ్లేసియర్ ఇన్‌స్టంట్ రిట్రీవల్.

నేను ఎ పెట్టాను. "అరుదుగా వాడే డేటా" అనగానే ఐఏ అని నా చెయ్యి దానంతట అదే వెళ్లిపోయింది, ఎందుకంటే ఆ జతను నేను కోచింగ్ నోట్సులోంచి అలాగే బట్టీ పట్టాను. అక్క నాచేత అదే ప్రశ్నను మళ్లీ, ఈసారి తలకిందులుగా చేయించారు.

మొదట చివరి వాక్యం చదవాలి. అక్కడ ఉన్నది ఖర్చు. అది కొలబద్ద. అయితే కొలబద్దను అక్కడికక్కడే వాడకూడదు, పక్కన పెట్టుకోవాలి. ఆ తర్వాత కథ చదువుతూ తప్పనిసరి షరతులను మాత్రమే ఏరాలి. ఇక్కడ అలాంటివి రెండే ఉన్నాయి. వెంటనే తెరపైకి రావాలన్నది ఒకటి, మళ్లీ తీయించడం కుదరదన్నది రెండోది. ఒక్కో షరతుతో నాలుగు ఆప్షన్ల మీదుగా ఒకసారి నడిచి రావాలి. వెంటనే రావాలన్న షరతుకు సి నిలవదు. గ్లేసియర్ ఫ్లెక్సిబుల్ రిట్రీవల్‌లో అన్నిటికంటే వేగమైన ఎక్స్‌పెడైటెడ్ పద్ధతిలో కూడా మామూలుగా 1 నుంచి 5 నిమిషాలు పడుతుంది, స్టాండర్డ్ పద్ధతిలో 3 నుంచి 5 గంటలు. మళ్లీ తీయించడం కుదరదన్న షరతుకు బి నిలవదు, ఎందుకంటే వన్ జోన్-ఐఏలో డేటా ఒకే అవైలబిలిటీ జోన్‌లో, అంటే ఒకే డేటా సెంటర్ల సముదాయంలో, ఉంటుంది, ఆ జోన్ ధ్వంసమైతే డేటా కూడా పోతుంది. బి చవకే కదా అని ఇక్కడ ఊగిసలాడేవాళ్లు చాలామంది ఉంటారు. షరతుకు నిలవని ఆప్షన్‌కు ధరతో నిమిత్తం లేదు. కొలబద్దను ముందే వాడకూడదని చెప్పింది ఇందుకే.

ఇప్పుడు ఎ, డి మిగిలాయి. రెండూ మిల్లీసెకన్లలో అందిస్తాయి, రెండూ కనీసం మూడు అవైలబిలిటీ జోన్లలో ఉంటాయి. రెండూ పని చేస్తాయి. నేను పదహారు ప్రశ్నల్లో జారిపడిన చోటు సరిగ్గా ఇదే. ఇక్కడ నేను చేస్తూ వచ్చిన పని, ఈ రెండింటిలో ఏది "మంచిది" అని ఆలోచించడం. చేయవలసింది, పక్కన పెట్టిన కొలబద్దను ఇప్పుడు బయటికి తీసి, ఆ రెండింటికీ మధ్య తేడా ఏమిటో కథలో ఎక్కడ ఉందో వెతకడం. తేడా డేటాను ఎన్నిసార్లు చదువుతారు అన్న దాంట్లో ఉంది. ఇన్‌స్టంట్ రిట్రీవల్‌లో నిల్వ చవక, తీసుకున్న ప్రతిసారీ రుసుము ఎక్కువ. స్టాండర్డ్-ఐఏలో దానికి విరుద్ధం.

లెక్క కట్టకుండా నాకు నమ్మకం కుదరలేదు. వర్జీనియా రీజియన్‌లో నేను చూసిన ధరల ప్రకారం స్టాండర్డ్-ఐఏలో ఒక జీబీ నిల్వకు నెలకు 0.0125 డాలర్లు, ఒక జీబీ తీసుకోవడానికి 0.01 డాలర్లు. ఇన్‌స్టంట్ రిట్రీవల్‌లో నిల్వకు 0.004, తీసుకోవడానికి 0.03. ఒక జీబీని ఏడాది పాటు ఉంచి రెండుసార్లు తీస్తే మొదటిదానిలో 0.15కు 0.02 కలిపి 0.17 డాలర్లు, రెండోదానిలో 0.048కు 0.06 కలిపి 0.108 డాలర్లు అవుతుంది. కాబట్టి డి. అదే ప్రశ్నలో "ఏడాదికి ఒకటి రెండు సార్లు" అన్న మాట తీసేసి "నెలకొకసారి" అని పెడితే, పన్నెండుసార్లకు మొదటిది 0.27, రెండోది 0.408 అవుతుంది, జవాబు ఎ వైపు తిరుగుతుంది. రిక్వెస్టులకు పడే చిన్న రుసుములు పక్కన పెడితే, ఏడాదికి అయిదు సార్ల దగ్గర ఈ తక్కెడ సమమవుతుంది. పరీక్షలో ఇలాంటి ధరలు గుర్తుంచుకోనవసరం లేదు, తక్కెడ ఎటు మొగ్గుతుందో తెలిస్తే చాలు. కాని ఒక్కసారి చేత్తో లెక్క కట్టి చూసినందువల్ల, "ఏడాదికి ఒకటి రెండు సార్లు" అన్నది ప్రశ్న నింపడానికి రాసిన మాట కాదని, మొత్తం ప్రశ్న ఆ మాట మీదే నిలబడి ఉందని నాకు తెలిసింది.

ఆ రోజు నుంచి లాంగ్ బుక్కులో తప్పిన ప్రశ్న పక్కన ఇంకొక గడి గీశాను. నేను పెట్టిన జవాబు సరైనది కావాలంటే ప్రశ్నలో ఏ మాట మారాలి? ఈ గడి నింపలేకపోతే ఆ ప్రశ్న నాకు అర్థం కానట్టే లెక్క. బ్రాడీపేటలో మా ఇంటి మేడ మీద రోజుకు పది ప్రశ్నల చొప్పున ఈ పని చేశాను. పదే ఎందుకంటే గడి నిజాయితీగా నింపితే ఒక్కో ప్రశ్నకు పావుగంటకు తక్కువ పట్టేది కాదు. రోజుకు వంద ప్రశ్నలు చేశామని చెప్పుకునేవాళ్లు ఆ ప్రశ్నలతో ఏం చేస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

నెట్‌వర్కు ప్రశ్నల్లో నా జబ్బు ఇంకా ముదిరి ఉందని ఆ గడివల్లే బయటపడింది. ప్రైవేటు దారి, ఎస్3 అనే రెండు మాటలు ఒకే ప్రశ్నలో కనిపిస్తే గేట్‌వే ఎండ్‌పాయింట్ అని పెట్టేయడం నాకు అలవాటు. చాలాసార్లు అది సరిపోతుంది కూడా, ఎందుకంటే దానికి విడిగా రుసుము లేదు, రూట్ టేబుల్‌లో ఒక దారి చేరుతుంది, అంతే. తప్పిన ప్రశ్నలో సంగతి వేరు. సంస్థకు సొంత డేటా సెంటర్ ఉంది, అది డైరెక్ట్ కనెక్ట్ అనే ప్రత్యేక లైను ద్వారా వీపీసీతో, అంటే క్లౌడ్‌లోని ఆ సంస్థ ప్రైవేటు నెట్‌వర్కుతో, కలిసి ఉంది, ఆ డేటా సెంటర్‌లోని సర్వర్లు ఇంటర్నెట్ మీదుగా పోకుండా ఎస్3కి ఫైళ్లు పంపాలి, నిర్వహణ భారం తక్కువగా ఉండాలి, అంటే `LEAST operational overhead`. ఆప్షన్లుగా గేట్‌వే ఎండ్‌పాయింట్, ఇంటర్‌ఫేస్ ఎండ్‌పాయింట్, నాట్ గేట్‌వే, ఇంకా ఒక ఈసీ2 సర్వర్ మీద ప్రాక్సీ నడిపి దాని వెనుక గేట్‌వే ఎండ్‌పాయింట్ పెట్టడం ఉన్నాయి.

కథలో బయలుదేరే చోటు మారిందని నేను గమనించలేదు. గేట్‌వే ఎండ్‌పాయింట్ వీపీసీ రూట్ టేబుల్‌లోని ఒక దారి మాత్రమే, అది ఆ వీపీసీలోపల పుట్టిన ట్రాఫిక్‌కే పనికివస్తుంది. డైరెక్ట్ కనెక్ట్ మీదుగానో వీపీఎన్ మీదుగానో బయటినుంచి వచ్చినవాళ్లు దాన్ని వాడుకోలేరు. డైరెక్ట్ కనెక్ట్ వర్చువల్ ప్రైవేట్ గేట్‌వే ద్వారా వీపీసీకి చేరితే నాట్ గేట్‌వేకూ అదే పరిమితి ఉంది. ఇంటర్‌ఫేస్ ఎండ్‌పాయింట్‌కు మాత్రం సబ్‌నెట్‌లో సొంత ప్రైవేటు ఐపీ అడ్రసు ఉంటుంది కనుక డేటా సెంటర్‌నుంచి దాన్ని నేరుగా అందుకోవచ్చు. ఇంతవరకు వచ్చాక రెండు మిగులుతాయి, ఇంటర్‌ఫేస్ ఎండ్‌పాయింట్, ప్రాక్సీ. ప్రాక్సీ పని చేయదా అంటే నిక్షేపంలా చేస్తుంది. ఒకప్పుడు మా ఆఫీసులో అలాంటి ప్రాక్సీలు నడిపిన చేతులు కనుక నాకు దానిమీద కొంత అభిమానం కూడా ఉంది. అయితే ఆ ఈసీ2కు ప్యాచ్‌లు వేయాలి, అది పడిపోతే లేపాలి, ఫైళ్లు పెరిగితే దాన్నీ పెంచాలి. కొలబద్ద నిర్వహణ భారం కనుక ప్రాక్సీ పోతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఈ పరీక్షలో ఎందుకు తప్పుతారో నాకు ఇక్కడ తెలిసింది. పని చేసేలా చేయగలను అన్న ధీమా ఉన్నవాడికి ఆ ఆప్షన్‌ను కొట్టేయడానికి మనసొప్పదు.

షరతులదాకా పోకుండానే కొట్టేయదగ్గ ఆప్షన్లు కూడా కొన్ని ఉంటాయి, అవి ఎక్కడా జరగని పనిని చెబుతాయి. ఒక ఐపీ అడ్రసు నుంచి దాడి జరుగుతోంది, దాన్ని ఆపాలి అన్నప్పుడు "సెక్యూరిటీ గ్రూప్‌లో డినై రూల్ చేర్చాలి" అని ఒక ఆప్షన్ ఉంటే అది చదివిన వెంటనే పోతుంది, ఎందుకంటే సెక్యూరిటీ గ్రూప్‌లో అనుమతించే రూల్సే ఉంటాయి, నిరాకరించే రూల్ రాయాలంటే నెట్‌వర్క్ ఏసీఎల్‌కు పోవాలి. ఇంటర్నెట్ గేట్‌వేను సబ్‌నెట్‌కు తగిలించాలన్నదీ అలాంటిదే, అది వీపీసీకి తగులుతుంది, సబ్‌నెట్‌కు కాదు.

ఈ రకం కొట్టివేత హాయిగా ఉంటుంది, అందుకే ప్రమాదకరం కూడా. నెట్‌వర్క్ లోడ్ బ్యాలన్సర్‌కు సెక్యూరిటీ గ్రూప్ పెట్టలేమని నా పాత నోట్సులో ఎర్ర సిరాతో రాసి ఉంది. నేను దాన్ని రాసుకున్నప్పుడు అది నిజమే, కాని 2023 ఆగస్టులో ఆ సౌకర్యం వచ్చింది. ఆర్.డి.ఎస్. మల్టీ-ఏజెడ్‌లో స్టాండ్‌బైనుంచి డేటా చదవలేమన్నది కూడా సగం నిజం. ఒకే స్టాండ్‌బై ఉండే రకంలో చదవలేము, రెండు స్టాండ్‌బైలు ఉండే క్లస్టర్ రకంలో చదవవచ్చు. కనుక "ఇది అసాధ్యం" అని కొట్టేసిన ప్రతి ఆప్షన్‌కూ ఆ అసాధ్యం ఏ కాలంనాటిదో, ఏ రకానికి వర్తిస్తుందో నోట్సులో రాసుకున్నాను. పరీక్షలో అంత నమ్మకం లేని అసాధ్యాన్ని పూర్తిగా కొట్టేయకుండా, పక్కన ఒక చుక్క పెట్టి వదిలేశాను.

రెండోసారి బుక్ చేసేముందు, ఇంగ్లీషు మాతృభాష కానివారికి ఇచ్చే అదనపు అరగంట కోసం సర్టిఫికేషన్ ఖాతాలో దరఖాస్తు పెట్టాను. ఖాతాలో దాని పేరు `ESL +30 MINUTES` అని కనిపించింది. పరీక్ష తేదీ తీసుకోకముందే దాన్ని అడగాలి. మొదటిసారి నేను తేదీ తీసుకున్నాక దాని గురించి విన్నాను. దానితో 130 నిమిషాలు కాస్తా 160 అయ్యాయి. 65 ప్రశ్నలకు ఒక్కోదానికి రెండు నిమిషాలు ఉండేది రెండున్నరకు చేరువైంది. పొడుగాటి ఇంగ్లీషు ప్రశ్నను చివరినుంచి మొదటికి చదివే మనిషికి ఆ అర నిమిషం చిన్నది కాదు.

పరీక్షా కేంద్రంలో తుడిచి రాసుకునే పలక, మార్కర్ ఇచ్చారు. కష్టమైన ప్రశ్నకు పలక మీద నాలుగు అక్షరాలు రాసి, షరతుకు నిలవని దాన్ని కొట్టేసి, కొట్టేసిన అక్షరం కింద ఒక్క మాటలో కారణం రాశాను. సి కింద "గంటలు", బి కింద "ఒకే జోన్" అన్నట్టు. కారణం రాయలేకపోతే కొట్టేయలేదు. దీనివల్ల కొంత సమయం పోయింది కాని, గుర్తు పెట్టుకుని వదిలిన ప్రశ్న దగ్గరికి గంట తర్వాత తిరిగి వచ్చినప్పుడు అదే చెత్త ఆప్షన్‌ను మళ్లీ ముద్దుగా చూసే బాధ తప్పింది. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు, వదిలేసిన ప్రశ్న మాత్రం తప్పుకిందే లెక్క, అందువల్ల ఫ్లాగ్ పెట్టి వదిలిన ప్రతిదానికీ అప్పటికి మిగిలినదాన్ని ఎంచుకునే ముందుకు పోయాను. రెండు జవాబులు ఎంచుకోమన్న ప్రశ్నల్లో అయిదు ఆప్షన్లనూ విడివిడిగా కాక, మిగిలిన రెండూ కలిస్తే ఒక పూర్తి పరిష్కారం అవుతుందా, లేక రెండూ ఒకే పనిని రెండు రకాలుగా చేస్తున్నాయా అని చూశాను. ఒకే పని చేసేవైతే, వాటిలో ఒకటి తప్పకుండా తప్పని తేలిపోయేది.

మధ్యలో ఒక సేవ పేరుతో వరసగా రెండు ప్రశ్నలు వచ్చాయి, దాన్ని నేను ఎప్పుడూ వాడలేదు. 65లో 15 ప్రశ్నలకు మార్కులు లెక్కలోకి రావు, ఏవి అన్నది మనకు చెప్పరు. ఆ రెండూ ఆ పదిహేనులోవే అయి ఉంటాయని నాకు నేను చెప్పుకుని, ఒక్కో నిమిషంలో తేల్చి ముందుకు పోయాను. నిజమో కాదో ఎప్పటికీ తెలియదు.

చివర్లో నలభై నిమిషాలు, పద్నాలుగు ఫ్లాగులు మిగిలాయి. మాక్ పరీక్షల్లో నేను జవాబు మార్చిన పదకొండు సందర్భాల్లో ఏడుసార్లు సరైనదాన్ని చెరిపి తప్పు పెట్టుకున్నానని లాంగ్ బుక్కు చెప్పింది. అందుకని ఈసారి ఒక నియమం పెట్టుకున్నాను. ప్రశ్నలో మొదటిసారి నా కంటబడని మాట ఏదైనా ఇప్పుడు కనబడితేనే జవాబు మార్చాలి, "ఎందుకో అది బాగున్నట్టుంది" అనిపిస్తే మార్చకూడదు. పద్నాలుగింటిలో రెండే మార్చాను. రెండింటిలోనూ నేను జారవిడిచినది బయలుదేరే చోటే, పని వీపీసీలోపల మొదలవుతుందా, బయట మొదలవుతుందా అన్న ఒక్క మాట.

ఆ రాత్రి గుంటూరులో భోజనాలయ్యాక ఫలితం వచ్చింది, 781. మర్నాడు అక్కకు చూపిస్తే, స్కోరు రిపోర్టులోని నాలుగు విభాగాల్లో బలహీనమని చూపిన ఒక్కదాని మీద వేలు పెట్టి, "ఖర్చు తగ్గించే విభాగం ఇంకా తడబడుతోంది, ఆ లెక్కలు మళ్లీ కట్టు" అన్నారు. ఇప్పుడు ఆ లాంగ్ బుక్కు నాతోపాటు చదువుతున్న ఇద్దరు కుర్రాళ్ల దగ్గర ఉంది. అందులో నేను నింపలేక వదిలేసిన గడులు ఇంకా నాలుగున్నాయి.